41 ఏళ్ల కాపురం, రెండు పాలరాతి పలకలు

భార్య పోయాక ఒక ముసలి భర్త ఆమె గురించి మాట్లాడాడు. ఆ మాటల్ని రెండు పెద్ద పాలరాతి పలకల మీద చెక్కించాడు. ఇది రోమ్ నగరంలో, క్రీస్తు పుట్టడానికి కొద్ది సంవత్సరాల ముందు, అగస్టస్ చక్రవర్తి కాలంలో జరిగింది. మొత్తం 180 పంక్తుల దాకా ఉండేదని అంచనా. పాత రోమ్‌లో మామూలు మనుషుల సమాధుల మీద దొరికిన రాతల్లో ఇంత పొడుగైనది మరొకటి లేదు. పండితులు దీన్ని ‘లౌదాతియో తురియై’ అంటారు, అంటే తురియాకు నివాళి అని. ఆ తురియా అనే పేరు మీదే పేచీ ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

భార్యను తలుచుకుని భర్త రాసిన రచనలు లోకంలో చాలానే ఉన్నాయి. వాటిలో దీన్ని ఎంచుకోవడానికి కారణం, ఇందులో పొగడ్త తక్కువ, జరిగిన సంగతులు ఎక్కువ. ఆయన ఆమెను వర్ణించడు. ఫలానాప్పుడు నువ్వు ఇలా చేశావు, దానివల్ల ఇలా జరిగింది, నేను బతికాను అని వరసగా చెప్పుకుంటూ పోతాడు. కోర్టులో సాక్షి చెప్పే వాంగ్మూలంలా ఉంటుంది. రెండు వేల ఏళ్ల తర్వాత చదివినా ఆమె మన కళ్ల ముందు నిలబడేది అందుకే.

అప్పటి ఆచారం కొంత తెలిస్తే దీని ప్రత్యేకత అర్థమవుతుంది. రోమ్‌లో పెద్దింటి మనిషి చనిపోతే, శవాన్ని ఊరి మధ్య సభాస్థలానికి తీసుకొచ్చి, దగ్గరి బంధువొకడు వేదికెక్కి ప్రసంగం చేసేవాడు. ఆ గౌరవం చాలాకాలం మగవాళ్లకే దక్కింది. వంశంలో ఎవరెవరు ఏ పదవులు చేశారు, ఏ యుద్ధాలు గెలిచారు అన్న పట్టికే ఆ ప్రసంగానికి సరుకు. తర్వాత వయసు మళ్లిన పెద్దింటి స్త్రీలకూ ఆ మర్యాద మొదలైంది. జూలియస్ సీజర్ క్రీ.పూ. 69లో తన మేనత్తకే కాకుండా, చిన్న వయసులో పోయిన భార్య కొర్నీలియాకు కూడా ప్రసంగం చేస్తే జనం దాన్ని కొత్త సంగతిగా చెప్పుకున్నారు. స్త్రీల మీద చేసే ప్రసంగాలకు మాత్రం ఒక మూస ఏర్పడిపోయింది. ఆమె శీలవతి, అణకువ గలది, ఇంట్లో ఉన్ని వడికేది, దేవుడంటే భక్తి, ఆడంబరం లేదు. ఎవరి సమాధి మీద చూసినా దాదాపు ఇవే మాటలు. మన పేపర్లలో సంవత్సరీకాల ప్రకటనల్లో ఫొటో మారుతుంది కానీ కింద మాటలు మారవు, అలాగన్నమాట.

ఈ భర్త కూడా ఆ జాబితా చదువుతాడు. కానీ చదివి, వీటి గురించి ఎందుకు చెప్పడం, ఇవి మంచి పేరున్న ఇల్లాళ్లందరికీ ఉండేవే కదా అని పక్కన పెట్టేస్తాడు. నీకు మాత్రమే చెందినవి వేరే ఉన్నాయి, అలాంటి పరిస్థితులు ఎదురైనవాళ్లే తక్కువ, ఎదురై నిలబడినవాళ్లు ఇంకా తక్కువ, వాటి గురించే చెబుతాను అంటాడు. ఇంకో విశేషం, ప్రసంగాల్లో మామూలుగా పోయినవాళ్ల గురించి సభకు చెబుతారు. ఈయన సభను మరిచిపోయినట్టు నేరుగా ఆమెతోనే మాట్లాడతాడు. మొదటినుంచి చివరిదాకా ‘నువ్వు’ అనే సంబోధనే.

కథ పెళ్లి నాటి నుంచి మొదలవుతుంది. పెళ్లి ఇంకా జరగకముందే అమ్మాయి తల్లినీ తండ్రినీ పల్లెటూళ్లో, జనం లేని చోట, ఎవరో ఒకేసారి చంపేశారు. అది క్రీ.పూ. 49 ప్రాంతం. సీజర్‌కూ పాంపీకీ యుద్ధం మొదలై దేశం రెండుగా చీలిపోయిన సమయం. పెళ్లికొడుకు మాసిడోనియా వెళ్లిపోయాడు. ఆమె తోబుట్టువు భర్త, అంటే ఈయనకు కాబోయే తోడల్లుడు క్లూవియస్, ఆఫ్రికా వెళ్లాడు. ఇంట్లో మగదిక్కు లేదు. ఆ ఇద్దరు ఆడపిల్లలే వెంటబడి విచారించి, ఒత్తిడి తెచ్చి, హంతకులకు శిక్ష పడేలా చేశారు. మేమిద్దరం అక్కడ ఉండి ఉంటే ఇంతకన్నా ఎక్కువ చేయగలిగేవాళ్లం కాదు అని భర్తే అంటాడు. ఆ పని అయ్యాక ఆమె కాబోయే అత్తగారింటికి వెళ్లి, పెళ్లికొడుకు తిరిగొచ్చేదాకా అక్కడే ఉంది.

అంతలో ఆస్తి తగాదా వచ్చింది. ఇది కాస్త నెమ్మదిగా చెప్పుకోవాల్సిన సంగతి, ఆ భర్త కూడా రాతిమీద దీనికి చాలా చోటు ఇచ్చాడు. తండ్రి రాసిన విల్లులో ఆమె, ఈయన వారసులు. కొందరు వచ్చి, మేము మీ వంశం వాళ్లం, ఆ విల్లు చెల్లదు అన్నారు. వాళ్ల వాదన ఏమిటంటే, విల్లు రాశాక తండ్రి తన భార్యను ఒక లాంఛనం ద్వారా చట్టప్రకారం తన అధికారం కిందికి తెచ్చుకున్నాడట. రోమన్ చట్టంలో అలా వచ్చిన భార్యకు కూతురితో సమానమైన వారసత్వ హక్కు ఉంటుంది. విల్లు తర్వాత కొత్త వారసురాలు పుట్టుకొస్తే పాత విల్లు రద్దయిపోతుంది. విల్లు రద్దయితే ఆస్తి మొత్తం ఈ అమ్మాయికే వస్తుంది, ఎందుకంటే ఆమె తోబుట్టువు అప్పటికే పెళ్లయి చట్టరీత్యా భర్త కుటుంబానికి చెందిపోయింది.

ఆస్తి అంతా ఆమెకే వస్తుంటే నష్టమేమిటి అనిపిస్తుంది. కిటుకు అక్కడే ఉంది. ఆ కాలంలో తండ్రి లేని ఆడపిల్లకు సంరక్షకుడు ఉండాలి. విల్లు లేకపోతే ఆ సంరక్షణ వంశంలోని మగవాళ్లకు పోతుంది. అంటే ఆస్తి పేరుకు ఆమెది, తాళం చెవులు వచ్చినవాళ్లవి. పెళ్లికొడుక్కి రావాల్సింది పోతుంది, తోబుట్టువుకు చిల్లిగవ్వ దక్కదు.

ఆమె రెండు మాటలతో వాళ్లను ఎదుర్కొంది. విల్లు రద్దు కాలేదు, నాన్న రాసింది రాసినట్టే చెల్లుతుంది అన్నది మొదటి మాట. ఒకవేళ రద్దయిందనుకున్నా మీరు మా వంశం వాళ్లని రుజువు చేసుకోలేరు, కాబట్టి నా మీద మీకు ఏ హక్కూ లేదు అన్నది రెండోది. ఏదెలా పోయినా నాకొచ్చిన దాంట్లో నా తోబుట్టువుకు వాటా ఇచ్చే తీరతాను అని కూడా తేల్చి చెప్పింది. కేసు ముందుకు సాగలేదు. ఆమె పట్టుదల చూసి వాళ్లే వెనక్కి తగ్గారు. పెళ్లికొడుకు దేశంలో లేడు, తల్లిదండ్రులు హతమయ్యారు, అయినా ఆ అమ్మాయి చట్టంలో మొదటి వాదన వీగిపోతే రెండోది సిద్ధంగా ఉంచుకుంది. దీన్ని ఆమె మరణం తర్వాత గుర్తుపెట్టుకుని, వాదనలు ఒక్కొక్కటిగా రాతికి ఎక్కించిన భర్త గురించి కూడా ఆలోచించాలనిపిస్తుంది నాకు. భార్య తెలివితేటల్ని ‘చాలా తెలివైనది’ అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఆ తెలివి ఎలా పనిచేసిందో చూపించాడు.

ఆస్తి విషయంలో ఆ ఇద్దరి మధ్య ఏర్పాటు కూడా చెబుతాడు. తండ్రి నుంచి వచ్చినదంతా ఆమె ఆయన చేతిలో పెట్టింది. నీ ఆస్తికి నేను కాపలా, నా ఆస్తికి నువ్వు కాపలా అన్నట్టు నడిచిందంటాడు. ఆమె తన వైపు బంధువుల ఆడపిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచింది, వాళ్ల పెళ్లిళ్లకు కట్నాలు సిద్ధం చేసింది. ఆ కట్నాలు ఆమె సొమ్ములోంచి పోకూడదని ఈయనా, తోడల్లుడు క్లూవియస్‌ కలిసి తమ సొంత ఆస్తిలోంచి ఇచ్చారు. తాము గొప్పలు చెప్పుకోవడానికి ఇది రాయడం లేదని, ఆలోచన నీది, మేం దాన్ని అమలు చేశామంతే అని ఒక వివరణ కూడా ఇస్తాడు.

ఇక యుద్ధం. ఓడిన పాంపీ పక్షంలో ఉన్నాడు కాబట్టి ఆయన పారిపోయి తలదాచుకోవలసి వచ్చింది. ఆమె ఒంటిమీది బంగారం, ముత్యాలు తీసి ఇచ్చేసింది. తర్వాత కూడా శత్రువుల కాపలాదారుల కళ్లుగప్పి పనివాళ్లను, డబ్బును, తిండి సామగ్రిని పంపిస్తూ ఉంది. ఆయన ప్రాణం కోసం బతిమాలింది. ఈ రోజుల్లోనే ఇంకొక సంగతి జరిగింది. మిలో అనే నాయకుడు దేశబహిష్కారానికి గురైనప్పుడు అతని ఇల్లు ఈయన కొన్నాడు. అంతర్యుద్ధం గందరగోళంలో మిలో పోగుచేసిన గుంపు ఆ ఇంటిమీద పడి దోచుకోబోయింది. భర్త ఊళ్లో లేడు. ఆమే నిలబడి ఆ గుంపును తిప్పికొట్టింది. ఎలా తిప్పికొట్టిందో తెలిపే చోట రాయి విరిగిపోయింది.

సీజర్ హత్య తర్వాత రెండో గండం వచ్చింది. క్రీ.పూ. 43 చివర్లో ఆంటొనీ, ఆక్టేవియన్, లెపిడస్ ముగ్గురూ ఏకమై, చంపదగినవాళ్ల పేర్లు పలకలమీద రాసి ఊళ్లో పెట్టారు. ఆ జాబితాలో పేరుంటే ఇక అతనికి చట్టం లేదు. ఎవరైనా చంపవచ్చు, తల తెచ్చినవాడికి బహుమతి. స్వతంత్రుడు తెస్తే లక్ష సెస్టర్సులు, బానిస తెస్తే 40 వేలతో పాటు స్వేచ్ఛ. దాచినవాళ్లకూ మరణశిక్షే. ఇంట్లో పనివాడిని, పొరుగువాడిని, చివరికి సొంతవాళ్లను కూడా నమ్మలేని రోజులు. ఆ జాబితాలో ఈ భర్త పేరు ఎక్కింది.

ఇక్కడ ఆయన తన గురించి చెప్పేది గమనించదగ్గది. నేను తొందరపడి దుస్సాహసాలకు దిగబోతే నువ్వు ఆపావు, పదిలమైన చోట్లు చూసి నన్ను దాచావు, నీ తోబుట్టువునూ ఆమె భర్తనూ తోడు తీసుకున్నావు, ప్రమాదం అందరం కలిసి పంచుకున్నాం అంటాడు. చెప్పుకుంటూ పోతే అంతులేదు, నేను బతికి బయటపడ్డానన్నది చాలు అని ఆగుతాడు. రోమన్ మగవాడికి ధైర్యం చూపడమే పరువు. తన ప్రాణం భార్య ఆలోచనవల్ల నిలిచిందని, తన ఆలోచన వింటే పోయేదని బాహాటంగా రాతిమీద రాయించుకున్నవాడు ఆ కాలంలో ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు.

తర్వాత వచ్చేది ఈ శాసనం మొత్తంలో గుండె పట్టేసే ఘట్టం. ఆక్టేవియన్ ఈయనకు క్షమాభిక్ష పెట్టి, పౌరహక్కులు తిరిగి ఇస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. కానీ ఆయన అప్పుడు రోమ్‌లో లేడు. ఊళ్లో అధికారం లెపిడస్ చేతిలో ఉంది. అతను ఆ ఆజ్ఞను లెక్కచేయలేదు. ఆమె వెళ్లి అందరి ఎదుట లెపిడస్ కాళ్లమీద పడింది. అతను లేవనెత్తలేదు. ఈడ్పించాడు. బానిసను ఈడ్చినట్టు ఈడ్చారు. ఒళ్లంతా కమిలిపోయింది. ఆ స్థితిలో కూడా ఆమె గట్టిగా ఆక్టేవియన్ ఆజ్ఞను గుర్తుచేస్తూ, భర్తకు హక్కులు తిరిగొచ్చాయని అభినందిస్తూ అందులో ఉన్న మాటల్ని వినిపిస్తూనే ఉంది. తిట్లు తింది, దెబ్బలు తింది. తిన్న దెబ్బల్ని దాచుకోలేదు. నా భర్తకు వచ్చిన ఆపదలకు మూలం ఎవరో ఊరంతా తెలియాలని వాటిని అందరికీ కనబడనిచ్చింది. ఇది ఆ మనిషికి తర్వాత చేటు తెచ్చింది అని భర్త ఒక చిన్న మాటతో ముగిస్తాడు.

ఆ కాలపు పెద్దింటి స్త్రీకి ఒంటిమీద చెయ్యి పడటమంటే చెప్పుకోలేని అవమానం. పొగడ్త కోసమే రాసే భర్త అయితే ఈ సంగతిని మింగేసి, ‘నా కోసం ఎన్నో కష్టాలు పడింది’ అని సరిపెట్టేవాడు. ఈయన కమిలిన దెబ్బల్ని కూడా రాశాడు. ఆమె వాటిని ఆయుధంగా వాడింది కాబట్టి, రాయకపోతే ఆమె చేసిన పని సగమే చెప్పినట్టవుతుందని ఆయనకు తెలుసు.

అయితే ఈ భాగాన్ని కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. చావు జాబితాల మీద సంతకం పెట్టిన ముగ్గురిలో ఆక్టేవియన్ కూడా ఒకడు. రాయి చెక్కే నాటికి ఆ ఆక్టేవియనే అగస్టస్ చక్రవర్తి. లెపిడస్‌ను క్రీ.పూ. 36లోనే అధికారం నుంచి తప్పించారు, తర్వాత కాలం చేశాడు కూడా. పాపమంతా లెపిడస్ మీద, దయంతా అగస్టస్ మీద వేయడంలో భర్తకు అడ్డేమీ లేదు, లాభమే ఉంది. ఆ దెబ్బలు మాత్రం కల్పన అని నేను అనుకోను. అవి జనం ఎదుట తగిలినవి. అది చూసినవాళ్లలో కొందరైనా ఆ ప్రసంగం నాటికి బతికే ఉండి ఉంటారు.

ఇప్పుడు పేరు సంగతి. వలేరియస్ మాక్సిమస్ అనే రోమన్ రచయిత ఒక కథ చెప్పాడు. క్వింటస్ లుక్రేషియస్ వెస్పిల్లో అనే ఆయన పేరు చావు జాబితాలో ఎక్కితే, భార్య తురియా ఆయన్ను పడకగది పైకప్పుకూ లోకప్పుకూ మధ్య దాచి, ఒక్క పనిపిల్ల సాయంతో కాపాడిందట. ఆ లుక్రేషియస్ క్రీ.పూ. 19లో కాన్సల్ పదవి కూడా చేశాడు. మన శాసనంలో భార్యాభర్తల పేర్లు ఉండాల్సిన చోటు విరిగిపోయింది. కథ ఒకేలా ఉందే అని పాత పండితులు రెండింటినీ ముడిపెట్టారు. 19వ శతాబ్దంలో రోమన్ చరిత్రకు పెద్దదిక్కయిన జర్మన్ పండితుడు థియొడోర్ మామ్‌జెన్ కూడా అదే మాట అన్నాడు. దాంతో ‘తురియా’ పేరు స్థిరపడిపోయింది. ఇప్పటి పండితులు అంత తేలిగ్గా ఒప్పుకోవడం లేదు. కాన్సల్ అంటే రోమ్‌లో అందరికన్నా పెద్ద పదవి, ఆ పదవి చేసిన మనిషి ఇంత పొడుగు రాతలో దాని ఊసే ఎత్తడా అన్నది ఒక సందేహం. పైగా ఆ రోజుల్లో భర్తల్ని దాచిన భార్యలు చాలామంది. అప్పియన్ అనే చరిత్రకారుడు అలాంటి కథలు వరసగా చెప్పాడు. అందుకే ఇప్పుడు ‘తురియా అని పిలుస్తున్న ఆవిడ’ అని జాగ్రత్తగా రాస్తున్నారు.

రాయి మనకు చేరిన తీరు కూడా అలాంటిదే. సమాధి ఎప్పుడో శిథిలమైంది. పలకల్ని ముక్కలు చేసి వేరే పనులకు వాడుకున్నారు. ఒక ముక్క వెనకవైపు ఆట ఆడుకోవడానికి గళ్లు గీసుకున్నారు. మూడు ముక్కలు ఇప్పుడు లేవు, 17వ శతాబ్దంలో చూసినవాళ్లు రాసిపెట్టుకున్న నకళ్లే దిక్కు. రెండు ముక్కలు రోమ్‌లోని అల్బానీ భవనంలో ఉన్నాయి. 1898లో ఇంకొకటి బయటపడింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి, రోమ్‌లోని జాతీయ మ్యూజియం సామాన్ల గదిలో ఆర్థర్ గోర్డన్ అనే అమెరికన్ పండితుడు ఒక చిన్న ముక్క చూసి, ఇది ఆ శాసనానిదే అని గుర్తుపట్టి 1950లో ప్రకటించాడు. ఒక్కో ముక్క దొరికినప్పుడల్లా పాత ఊహలు కొన్ని సవరించుకోవాల్సి వచ్చింది. ఆమె పేరున్న ముక్క మాత్రం ఇంకా దొరకలేదు. ఆమె తోబుట్టువు పేరూ తెలియదు. రాతిమీద మిగిలిన పేర్లు క్లూవియస్, మిలో, లెపిడస్, సీజర్. అందరూ మగవాళ్లే.

యుద్ధాలు అయిపోయి, దేశంలో శాంతి వచ్చాక వాళ్లకు మంచి రోజులు వచ్చాయి. పిల్లలు మాత్రం కలగలేదు. వయసు మీరుతోంది, ఆశ పోయింది. తనవల్ల భర్త నిస్సంతుగా మిగిలిపోతాడన్న దిగులు ఆమెకు పట్టుకుంది. ఆమె ఒకరోజు విడాకుల మాట తెచ్చింది. నేను తప్పుకుంటాను, నీకు తగిన పిల్లను నేనే వెతికి పెళ్లి చేస్తాను, పుట్టిన పిల్లల్ని నా పిల్లల్లా చూసుకుంటాను, ఇన్నాళ్లూ కలిసి ఉన్న ఆస్తిని విడదీయను, అది నీ చేతిలోనే ఉంటుంది, నీ తోబుట్టువులా, అత్తగారిలా ఉంటూ నా బాధ్యత నేను చేస్తాను అంది.

ఇది త్యాగంగా ఇప్పుడు మనకు కథలా వినిపిస్తుంది కానీ రోమ్‌లో పిల్లల్లేరని భార్యను వదిలేయడం వింతేమీ కాదు. క్రీ.పూ. మూడో శతాబ్దంలోనే కార్విలియస్ అనే పెద్దమనిషి ఆ కారణంతోనే భార్యకు విడాకులిచ్చిన సంగతి చరిత్రకెక్కింది. పైగా అగస్టస్ క్రీ.పూ. 18లో చట్టం తెచ్చి, పెళ్లాడని వాళ్లకు వారసత్వాల్లో నష్టం, పిల్లలున్నవాళ్లకు పదవుల్లో మేలు కలిగేలా చేశాడు. అలాంటి కాలంలో ఆమె అన్నమాట లోకం ఒప్పుకునే మాటే. భర్త తలూపితే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఆయనకు పిచ్చెక్కినంత కోపం వచ్చింది. ఆ మాట విన్నప్పుడు ఎంత ఒళ్లు మండిందంటే మళ్లీ మామూలు మనిషిని కావడమే కష్టమైంది అంటాడు. మృత్యువు విడదీయకముందే మనమే విడిపోవడమా, నేను ఊరు విడిచి, బతుకు మీద ఆశ లేకుండా తిరిగిన రోజుల్లో నన్ను వదలని దానివి, ఇప్పుడు వదిలిపోతానని ఎలా అనుకున్నావు అంటాడు. నీ నమ్మకాన్ని మార్చుకునేంత అవసరం నాకు పిల్లల విషయంలో ఎక్కడ ఉంది అన్నది ఆయన వాదన. ఇక చెప్పేదేముంది, నువ్వు నాతోనే ఉండిపోయావు అని ముగిస్తాడు. అడిగినదానికి ఒప్పుకుంటే తనకు సిగ్గు, ఇద్దరికీ దుఃఖం అని కూడా అంటాడు.

ఈ శాసనం చదివిన వాళ్లలో కొందరికి ఆ కోపం నచ్చదు. ఆమె అంత పెద్ద మాట అంటే అర్థం చేసుకోకుండా కేకలేశాడని అంటారు. నాకు మాత్రం ఇక్కడే ఆయన మీద గౌరవం పెరుగుతుంది. ఆమె ఇవ్వజూపిన త్యాగాన్ని గొప్పగా పొగిడి, ఆమె గుణాల్లో ఒకటిగా చేర్చుకోవడం ఆయనకు తేలిక. ఆయన దాన్ని గుణంగా లెక్కేయడానికి ఒప్పుకోడు. నీకు అలాంటి ఆలోచన రావడమే నాకు తట్టుకోలేని విషయం అన్నాడు. ఏళ్లు గడిచినా ఆ కోపం చల్లారలేదని, పోయిన భార్యతో ఆ పాత గొడవ మళ్లీ పెట్టుకుంటున్నాడని అనిపిస్తుంది ఆ పంక్తులు చూస్తే. దీర్ఘకాలం కాపురం చేసినవాళ్లకే ఇది తెలుస్తుంది. మనిషి వెళ్లిపోయాక కూడా వాళ్లతో తేలని వాదనలు కొన్ని మిగిలిపోతాయి.

ఈ శాసనంలో లోపం లేకపోలేదు. ఇది ఒక్కరి మాట. ఆమె లెపిడస్ ముందు ఏమన్నదో, పిల్లల్లేని దిగులు ఆమెకు ఎలా ఉండేదో, అన్నీ భర్త నోటి నుంచే వింటున్నాం. ఒక్కసారైనా ఆమె సొంత గొంతు వినబడదు. ఇన్నేళ్లలో ఆయన ఆమెను ఎప్పుడు నొప్పించాడో రాయడు, తమ మధ్య పొరపొచ్చాలు రాలేదనే అంటాడు. అలాగే ఇది ధనవంతుల ఇల్లు. అదే సంవత్సరాల్లో భర్తను దాచిన పేద ఇల్లాలికి రాయి చెక్కించే స్తోమత ఎవరికి ఉంది?

చివరి భాగం మొత్తం దుఃఖం. ఇంత పొడుగు కాపురాలు అరుదు, విడాకులతో కాక చావుతో ముగిసేవి మరీ అరుదు, మనకు 41వ ఏడు దాకా ఏ పొరపొచ్చమూ లేకుండా సాగింది, పెద్దవాణ్ని నేను ముందు పోవడం న్యాయంగా ఉండేది అన్నది ఆయన మొదట్లోనే చెప్పిన మాట. చివరికొచ్చేసరికి ఆ న్యాయం తప్పిన బాధ గొంతు పట్టేస్తుంది. స్థిమితంగా ఉండాలనుకుంటాను, శోకం ఆ శక్తిని లాగేసుకుంటోంది, దుఃఖంలోనూ భయంలోనూ ఏ ఒక్కదానికీ తట్టుకుని నిలబడలేకపోతున్నాను అంటాడు. మునుపటి ఆపదలన్నింటిలో ఆమె తోడుగా ఉండటం వల్ల నిలబడ్డాడు, ఇప్పుడు వచ్చిన ఆపదలో ఆ తోడు లేదు. నీ కీర్తి తలుచుకుని ధైర్యం తెచ్చుకుందామనుకుంటాను, కానీ పోగొట్టుకున్నది ఎంతో తెలిసి ఇంకా కుంగిపోతాను అన్న భావం ఆ పంక్తుల్లో ఉంది.

ఆపైన ముగింపు చాలా పొడిగా ఉంటుంది. నీకు అన్నీ దక్కాల్సింది, అన్నీ ఇవ్వడం నావల్ల కాలేదు అంటాడు. నువ్వు చివరగా చెప్పిన మాటలు నాకు శాసనం, అంతకుమించి చేయగలిగింది ఏదన్నా ఉంటే అదీ చేస్తాను అంటాడు. పితృదేవతలు నీకు విశ్రాంతి ఇచ్చి కాపాడాలని ప్రార్థించి ఆపేస్తాడు.